సద్దుల నాటికి చీర అందుతుందా?

"తమ్ముడూ, సద్దులు అయిపోయినయి. ఇప్పుడీ చీర ఎవరికి కట్టాలె?"

2024 దసరా అయ్యాక చర్ల నుంచి వచ్చిన ఫోన్ ఇది. ఖమ్మంలో మా అక్కా బావ నడిపే ఆన్‌లైన్ చీరల దుకాణానికి సాఫ్ట్‌వేర్ రాసింది నేనే. పిన్‌కోడ్ 507తో మొదలైతే చాలు, "4 రోజుల్లో డెలివరీ" అని చూపించేలా పెట్టాను. తప్పు అక్కడే జరిగింది.

ఎక్కడ ఆగిపోయాయి?

ఆ వారం రోజుకి 350 ఆర్డర్లు వచ్చాయి. మాకున్న ముగ్గురు మనుషులు ఒక్కొక్కరు 60 చొప్పున రోజుకి 180 ప్యాకెట్లు కడతారు. అది చాలదని బావ నలుగురు కుర్రాళ్లని తాత్కాలికంగా పెట్టుకున్నాడు. కొత్తవాళ్లు మొదటి వారంలో సగం వేగంతోనే చేస్తారు కాబట్టి వాళ్ల వల్ల ఇంకో 120, మొత్తం 300 అయ్యాయి. "ఇంకో ఇద్దరు దొరికితే గట్టెక్కుతాం" అన్నాడు బావ. సీజన్లో మనుషులు దొరకడమే కష్టం. పత్తి తీతలు మొదలైతే కూలీలు చేలకు పోతారు, కుర్రాళ్లేమో పండక్కి ఊరెళ్లిపోతారు.

తీరా చూస్తే కొరత మనుషులది కాదు. సాయంత్రం వచ్చే కొరియర్ బండిలో మా వాటా 220 ప్యాకెట్లే. ఇంకెంతమందిని పెట్టినా గోడవారగా పేరుకునేవే ఎక్కువవుతాయి. రోజుకి 350 వచ్చి 220 వెళ్తే 130 మిగులుతాయి. నాలుగు రోజులకి 520. అంటే ఐదో రోజు ఆర్డర్ చేసిన ప్యాకెట్టు కదలడానికే రెండు రోజులకు పైగా పడుతుంది. సైట్ మాత్రం "4 రోజులు" అనే చెబుతోంది.

ఖమ్మం నుంచి చర్లకు హైదరాబాద్ మీదుగా

రెండో సంగతి దారి. మా ప్యాకెట్టు ఖమ్మం నుంచి తిన్నగా భద్రాచలం పోదు. ముందు హైదరాబాద్ వెళ్లి, అక్కడ వేరుచేశాక మళ్లీ కొత్తగూడెం మీదుగా వెనక్కి వస్తుంది. గోదావరి వంతెన దాటి భద్రాచలం చేరాక, చర్ల వైపు బండి రోజూ వెళ్లదు. సరిపడా ప్యాకెట్లు పోగయ్యాకే కదులుతుంది.

పాత ఆర్డర్లు తీసి చూశాను. చర్లకు వెళ్లిన పది ప్యాకెట్లలో ఐదు 4 రోజుల్లో చేరాయి, తొమ్మిది చేరడానికి 7 రోజులు పట్టింది. నేను సగటు చూసి మాటిచ్చాను. సగటు నమ్ముకుంటే ఇద్దరిలో ఒకరికి మాట తప్పినట్టే. ఖమ్మం టౌన్లో అయితే పదింట తొమ్మిది 3 రోజుల్లోనే చేరాయి. రెండూ 507లే, కానీ లెక్క ఒకటి కాదు.

2025లో వెనక నుంచి లెక్క

2025లో పని ఆగస్టులోనే మొదలుపెట్టాం. రోజువారీ అంచనా ముందుగా రాసిస్తే కొరియర్ వాళ్లు 280 ప్యాకెట్లకి ఒప్పుకున్నారు. ఏజెన్సీ ఊళ్లవి కొన్ని స్పీడ్ పోస్టుకి మార్చాం. చిన్న ఊళ్లలో పోస్టాఫీసు ఉంటుంది, కొరియర్ ఆఫీసు ఉండదు. తాత్కాలిక మనుషులు ఈసారి నలుగురు కాదు, ఇద్దరే. వాళ్లని పది రోజుల ముందే పిలిచి, పండగ రద్దీకి ముందే చెయ్యి తిరిగేలా చేశాం.

ఇక చివరి తేదీ. సద్దుల బతుకమ్మ సెప్టెంబర్ 30న. చీర 29కి చేతిలో ఉండాలి. చర్లకు 7 రోజులు తీసేస్తే 22న, సోమవారం బండెక్కాలి. ఆదివారం బండి రాదు, కాబట్టి 20 శనివారం సాయంత్రం లోపు ఆర్డర్ రావాలి. దుకాణంలో 560 ప్యాకెట్లు పేరుకుని ఉన్నాయనుకోండి. 280 చొప్పున అవి తీరడానికే రెండు రోజులు. అప్పుడు చర్ల వాళ్లకి చివరి తేదీ 18కి జరుగుతుంది. ఇదే లెక్కలో ఖమ్మం టౌన్‌కి 25, పేరుకుంటే 23. పేరుకున్న ప్యాకెట్లని రోజూ రాత్రి లెక్కపెట్టి సైటే తేదీ మార్చేలా రాశాను.

గోదావరికీ ఒక నియమం పెట్టాం. భద్రాచలం దగ్గర మొదటి హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48, మూడోది 53. 2022 జులైలో నీళ్లు 71 అడుగులు దాటితే వంతెన మీద రాకపోకలే ఆపేశారు. రెండో హెచ్చరిక వస్తే దుమ్ముగూడెం, చర్ల పిన్‌కోడ్లకి తేదీ చూపించడం ఆపేస్తాం. "రోడ్డు తెరిచాక పంపుతాం" అని మాత్రం ఉంటుంది.

ఆ ఏడాదే ఆర్టీసీ కార్గో రాములవారి కల్యాణ తలంబ్రాలు ఇంటికి చేర్చడం మొదలుపెట్టింది. ఆర్డర్లు ముందే తీసుకుని, కల్యాణం అయ్యాకే పంపిస్తారు. అక్కడ పండగ నాటికే అందాలన్న గడువు లేదు. చీరకు ఆ వెసులుబాటు లేదు.

20 తర్వాత చర్ల నుంచి కొన్ని ఆర్డర్లు పోగొట్టుకున్నాం. "తీసుకుందాం రా, ఎట్లాగో పంపుదాం" అని అక్క రెండుసార్లు అడిగింది. నేను తేదీ మార్చలేదు. ఇంత చేసినా పదింట ఒకటి ఆలస్యమవుతుంది. అందుకే 27న ఇంకా దారిలో ఉన్న ప్యాకెట్ల లిస్టు తీసి, అక్కే ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. "సద్దులకి రాకపోవచ్చమ్మా, వద్దంటే డబ్బులు వెనక్కి వేస్తాం" అని చెప్పింది. చాలామంది ఉంచుకుంటామనే అన్నారు.