పటం మీద పార్సిల్ గుర్తు ఎలా పడుతుంది?

తెర మీది పటంలో గుర్తు పెట్టాలంటే ఇంటి చిరునామా చాలదు; ఆ చోటి అక్షాంశం, రేఖాంశం కావాలి. చార్మినార్‌కు ఒక పార్సిల్ వెళ్లాలనుకుందాం. లీఫ్‌లెట్ అనే ఉచిత పటాల లైబ్రరీలో ముందుగా పటాన్ని సిద్ధం చేసుకుంటే, ఆపై ఈ ఒక్క వరుసతో గుర్తు పడుతుంది:

```
L.marker([17.362, 78.475]).addTo(map);
```

ఈ రెండు అంకెలు తారుమారైతే గుర్తు ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలుతుంది! లీఫ్‌లెట్‌కు అక్షాంశం ముందు రావాలి, జియోజేసన్ ఫైళ్లలో రేఖాంశం ముందుంటుంది. ఈ పొరపాటు తరచూ జరిగేది అందుకే.

రెండో పార్సిల్ గోల్కొండకు (17.383, 78.401). మధ్య దూరమెంత? అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు. రేఖాంశ రేఖలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి, హైదరాబాదు దగ్గర తూర్పు పడమరల డిగ్రీ 106 కిలోమీటర్లే. ఆ లెక్కన గోల్కొండ ఉత్తరానికి 0.021 × 111, అంటే 2.3 కిలోమీటర్లు, పడమరకు 0.074 × 106, అంటే 7.8 కిలోమీటర్లు. పైథాగరస్ సూత్రంతో కలిపితే 8 కిలోమీటర్ల పైచిలుకు వస్తుంది. ఊళ్ల మధ్య దూరం వందల కిలోమీటర్లయితే భూమి గుండ్రదనాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. లీఫ్‌లెట్‌లోని `map.distance` ఆ పని చేస్తుంది.

అయితే ఇది పక్షి సూటిగా ఎగిరే దూరం. బండి మలుపులు తిరుగుతూ వెళ్లాలి. ఆ దూరం కావాలంటే రోడ్ల వివరాలున్న దారి లెక్క వేరే చేయాల్సిందే.