అక్షరం తీసేస్తే మిగిలేది

`a*ab` అనే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఉంది. ఎన్ని `a`లైనా రావచ్చు, అసలు రాకపోయినా ఫర్వాలేదు, చివర మాత్రం `ab` ఉండాలి. `aab` దీనికి సరిపోతుందా?

1964లో యానుష్ బ్ర్జోజోవ్‌స్కీ చూపిన దారిలో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: మొదటి అక్షరం చదివేశాక, మిగతా పదం ఏ నమూనాకు సరిపోవాలి? ఆ కొత్త నమూనాకే డెరివేటివ్ అని పేరు. కాలిక్యులస్‌లో మాటే, కానీ ఇక్కడ వాలుల గొడవ లేదు.

మొదటి `a` చదివాం. అది `a*`లోది కావచ్చు, అప్పుడు `a*ab` అలాగే మిగులుతుంది. లేదా చివరి `ab`లోది కావచ్చు, అప్పుడు `b` చాలు. ఏదో ఒకటి ఎంచుకుని, తప్పితే వెనక్కి రావడం ఉండదు; రెండింటినీ కలిపే రాసుకుంటాం:

```
a*ab
a → a*ab|b
a → a*ab|b|∅
b → ∅|ε|∅
```

`∅` అంటే ఏ పదమూ సరిపోనిది, `ε` అంటే ఖాళీ పదం. అక్షరాలు అయిపోయాక మిగిలిన నమూనా ఖాళీ పదాన్ని ఒప్పుకుంటే పదం సరిపోయినట్టే. ఇక్కడ `ε` ఉంది, కాబట్టి `aab` నెగ్గింది. `aa` దగ్గరే ఆగి ఉంటే ఓడేది.

చిక్కు మూడో వరుసలో ఉంది. ఆ `∅`ను ఊడ్చేయకపోతే ప్రతి `a`కీ ఇంకొకటి చేరి నమూనా పెరుగుతూనే పోతుంది. తీసేస్తే రెండో వరుసే మళ్లీ వస్తుంది. `|`తో కలిపిన వాటిలో వరుసనూ బ్రాకెట్లనూ పట్టించుకోకుండా, నకళ్లను తీసేస్తే చాలు, ఏ నమూనాకైనా వేర్వేరు డెరివేటివ్‌లు పరిమితమేనని బ్ర్జోజోవ్‌స్కీ నిరూపించారు. ఒక్కోదాన్ని ఒక్కో స్థితిగా రాసుకుంటే ఫైనైట్ ఆటోమేటన్ తయారవుతుంది. అయితే ఆ పరిమితి కొన్ని నమూనాలకు చాలా పెద్దదే.