నొప్పి లేని కామెర్లను పసరు మందుతో సరిపెట్టుకోవద్దు

కళ్లు పచ్చబడితే మన ఇళ్లలో ఇప్పటికీ ముందుగా గుర్తుకు వచ్చేది పసరు మందే. హోసూరులో ఉన్నా, బళ్లారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా ఈ అలవాటు మనవాళ్లను విడిచిపెట్టలేదు. నేల ఉసిరి నూరి మజ్జిగలో ఇస్తారు, ఉప్పు, నూనె మాన్పిస్తారు, మూడు వారాలు పత్యం పెడతారు. చాలామందికి తగ్గుతుంది కూడా. ఎందుకంటే కలుషితమైన నీటివల్ల వచ్చే కామెర్లు చాలావరకు కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. పేరు మాత్రం పసరుకు వస్తుంది. చిక్కు ఎక్కడంటే, చూడటానికి అలాగే ఉండి, అసలు తగ్గని కామెర్లు మరో రకం ఉన్నాయి. యాభై దాటిన మనిషికి జ్వరం, నొప్పి ఏమీ లేకుండా కళ్లు పచ్చబడి, దానితోపాటు ఒళ్లు కూడా తగ్గిపోతుంటే, అది క్లోమగ్రంథి క్యాన్సర్ కావచ్చు. అందరికీ అదే అని కాదు. కాని అది కాదని తేలేవరకు పసరు దగ్గర ఆగకూడదు.

క్లోమగ్రంథిని డాక్టర్లు పాంక్రియాస్ అంటారు. సుమారు 15 సెంటీమీటర్ల పొడవుండే ఈ గ్రంథి కడుపులో ముందువైపు కాక, జీర్ణాశయం వెనుక, వెన్నెముకకు ఆనుకొని అడ్డంగా పడుకొని ఉంటుంది. అన్నం అరగడానికి రసం, రక్తంలో చక్కెర అదుపులో ఉండడానికి ఇన్సులిన్ తయారుచేసేది ఇదే. దీని కుడివైపు లావుపాటి భాగాన్ని తల అంటారు. కాలేయం నుంచి పైత్యరసం తెచ్చే గొట్టం ఈ తలభాగం గుండా వెళ్లి చిన్నప్రేగులో కలుస్తుంది. తలలో గడ్డ పెరిగితే ఆ గొట్టాన్ని పక్కనుంచి నొక్కుతుంది. ప్రేగులోకి పోవలసిన పైత్యరసం దారిలేక వెనక్కు తన్ని రక్తంలో కలుస్తుంది. కళ్లు, చర్మం పచ్చబడేది అందుకే.

ఈ సంగతి తెలిస్తే మిగతా గుర్తులు ఎవరూ చెప్పకుండానే అర్థమవుతాయి. రక్తంలోని పైత్యరంగు మూత్రంలో దిగుతుంది కాబట్టి మూత్రం చిక్కటి టీ డికాక్షన్ రంగులో ఉంటుంది. ప్రేగులోకి ఆ రంగు చేరదు కాబట్టి మలం తెల్లటి మట్టిరంగులోకి మారుతుంది. ఒళ్లంతా దురద పుడుతుంది, ముఖ్యంగా రాత్రిపూట. కొవ్వు అరగక మలం జిడ్డుగా, నీళ్లపై తేలుతూ ఉండవచ్చు. పైత్యగొట్టంలో రాయి అడ్డుపడినా కామెర్లు వస్తాయి గాని, అప్పుడు సాధారణంగా కడుపులో తీవ్రమైన నొప్పి, ఒక్కొక్కప్పుడు చలిజ్వరం ఉంటాయి. నొప్పి లేకపోవడాన్ని మనం మంచి గుర్తుగా తీసుకుంటాం. ఇక్కడ మాత్రం దాన్నే అనుమానించాలి.

మా బంధువుల్లో కిరాణా కొట్టు నడిపే ఒక పెద్దాయనకు జరిగినది చెబుతాను. వయస్సు అప్పటికి 61. కొట్టులో బస్తాలు తూచే కాటా మీద అప్పుడప్పుడు తానూ నిలబడి చూసుకొనేవారు. దసరాకు 71 కిలోలు ఉన్నారు. దీపావళి తరువాత రక్తపరీక్షలో కొత్తగా షుగరు బయటపడింది. మాత్రలు మొదలుపెట్టారు, కాఫీలో చక్కెర మానేశారు. సంక్రాంతికి కాటా 62 చూపింది. పత్యం బాగా పనిచేసిందని ఇంట్లోవారు సంతోషించారు కూడా. రెండు నెలలకు కళ్లు పచ్చబడ్డాయి. నొప్పి లేదు, జ్వరం లేదు. నేల ఉసిరి ఇరవై రోజులు తీసుకున్నారు. దురదకు వేపాకు నీళ్ల స్నానం. బెంగళూరులో బి.కాం. చదువుతున్న మనవడు సెలవులకు వచ్చి, తాతగారి చొక్కా భుజాల మీద వేలాడుతుండటం చూసి పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకువెళ్లాడు. రోజూ చూసేవారికి చిక్కిపోవడం కనబడదు. నాలుగు నెలలకు ఒకసారి వచ్చేవారికి కనబడుతుంది.

ఆ రిపోర్టు నేను చూశాను. బిలిరుబిన్ మొత్తం 14.2. మామూలుగా 1.2 లోపు ఉండాలి. అందులో డైరెక్ట్ అనే భాగమే 11.6. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 780, అంటే ఉండవలసిన దానికంటే చాలా రెట్లు ఎక్కువ. ఎస్.జి.పి.టి. మాత్రం 110 మాత్రమే. కాలేయానికి వైరస్ సోకితే ఈ ఆఖరి అంకె తరచు వందల్లో, వేలల్లోకి పోతుంది. డైరెక్ట్ బిలిరుబిన్, ఫాస్ఫటేజ్ రెండూ ఎక్కువగా పెరిగి, ఎస్.జి.పి.టి. అంతగా పెరగకపోతే గొట్టంలో ఎక్కడో అడ్డు ఉందని డాక్టర్లు అనుమానిస్తారు. అల్ట్రాసౌండ్‌లో పైత్యగొట్టం 15 మిల్లీమీటర్లకు ఉబ్బి ఉంది, గాల్ బ్లాడర్ కూడా ఉబ్బింది, రాళ్లు లేవు. క్లోమగ్రంథి గ్యాసువల్ల సరిగా కనబడలేదని రాశారు. సి.టి. స్కానులో తలభాగంలో 3 సెంటీమీటర్ల గడ్డ తేలింది. పక్కనే ఉన్న పెద్ద రక్తనాళాన్ని తాకుతున్నందువల్ల ముందు కీమోథెరపీ ఇచ్చి, తరువాత ఆపరేషన్ చేశారు. ఆ తరువాత రెండున్నర ఏళ్లు బతికారు. మనవడి డిగ్రీ పట్టా చూశారు.

షుగరు వచ్చినప్పుడే ఎందుకు పట్టుకోలేకపోయారని ఆ ఇంట్లో చాలామంది అడిగారు. డాక్టరును తప్పుపట్టడానికి లేదు. యాభై దాటాక కొత్తగా షుగరు వచ్చినవారిలో మూడేళ్లలోపు ఈ క్యాన్సర్ బయటపడేది నూటికి దాదాపు ఒకరికి మాత్రమే. అందరికీ స్కాన్లు తీయించడం జరిగేపని కాదు. అయితే షుగరు కొత్తగా వచ్చి, బరువు పెరిగే బదులు కారణం లేకుండా తగ్గుతుంటే, పైగా ఇంట్లో ఎవరికీ షుగరు లేకపోతే, ఆ సంగతి డాక్టరుకు నోరు తెరిచి చెప్పాలి. ఎన్ని నెలల్లో ఎన్ని కిలోలు అని లెక్కతో చెప్పాలి.

తొలిదశలో కనిపెట్టడం కష్టం కావడానికి అసలు కారణం ఆ గ్రంథి ఉన్న చోటే. అంత లోపల ఉన్న చిన్న గడ్డ చేతికి తగలదు, నొప్పి పెట్టదు. అల్ట్రాసౌండ్‌కు జీర్ణాశయంలోని గాలి అడ్డం వస్తుంది. తలలో గడ్డ ఉంటే కామెర్లయినా ముందుగా హెచ్చరిస్తాయి. నడుమన, తోకభాగంలో వస్తే ఆ హెచ్చరిక కూడా ఉండదు. నడుము నుంచి వీపుకు పాకే మందమైన నొప్పిని గ్యాసు అనో, వయస్సు అనో సర్దుకుంటాం. సి.ఏ. 19-9 అనే రక్తపరీక్ష ఒకటి ఉంది. కొందరు హెల్త్ చెకప్ ప్యాకేజీలో చేయించుకొని ధైర్యంగా ఉంటారు. రాళ్లవల్ల కామెర్లు వచ్చినా అది పెరుగుతుంది. కొందరి రక్తంలో పుట్టుకతోనే ఆ పదార్థం తయారు కాదు, వారికి క్యాన్సర్ ఉన్నా పెరగదు. అందుకే లక్షణాలు లేనివారికి దాన్ని వెతుకులాట పరీక్షగా వాడరు. దగ్గరి రక్తసంబంధీకుల్లో ఇద్దరు, ముగ్గురికి ఈ జబ్బు వచ్చిన కుటుంబాలవారి సంగతి వేరు. వారికి ఎం.ఆర్.ఐ., ఎండోస్కోపీ ద్వారా చేసే అల్ట్రాసౌండ్ వంటివాటితో పరీక్షలు చేయిస్తారు.

జబ్బు తేలేసరికి ఆపరేషన్‌కు వీలైన స్థితిలో ఉండేది నూటికి 15, 20 మందే. గోవా ముఖ్యమంత్రిగా ఉండిన మనోహర్ పారికర్ గారికి 2018లో ఈ జబ్బు బయటపడింది. విదేశాల్లో కూడా చికిత్స చేయించుకున్నారు. అయినా 2019 మార్చిలో చనిపోయారు. మిగతావారికంటే ఆ 15, 20 మందికి కొంత అదృష్టం ఉందంటే, చాలావరకు కామెర్లు ముందుగా కనబడటం, కనబడగానే వెళ్లడం వల్లనే.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు పాత షుగరు రిపోర్టులు, పాత బరువుల లెక్క వెంట తీసుకువెళ్లండి. మరో సంగతి. కామెర్లు తగ్గడానికి గొట్టంలో స్టెంటు వేద్దామని చెబితే, చలిజ్వరం వంటి తొందర లేనప్పుడు, సి.టి. స్కాను అయ్యాక వేయవచ్చా అని అడగండి. స్టెంటు వేశాక తీసిన స్కానులో గడ్డ ఎంతవరకు పాకిందో స్పష్టంగా తెలియక, ఆపరేషన్ గురించి నిర్ణయించడం సర్జనుకు కష్టమవుతుంది.