మోతాదు తగ్గించింది ఎవరు?

ఒక ఆసుపత్రి రోగి ఇంటికి ఇంగ్లిష్‌లో ఉత్తరం రాసిందనుకుందాం. అందులో మూడే వాక్యాలు. చెన్ గారి కూతురు సోమవారం డాక్టర్ లిన్‌కి ఫోన్ చేసింది. మాత్రలు తల తిప్పుతున్నాయని, అందుకే ఆపేశానని, లేక ఆపేసిందని, ఆమె ఆమెకు చెప్పింది. ఫలితాలు పరిశీలించాక మోతాదు తగ్గించడమైనది. ఇంగ్లిష్‌లో చదివేవాళ్ళకు ఇదేమంత కష్టం కాదు. దీన్ని యంత్రం చేత చైనీస్‌లోకి అనువదింపజేస్తే రెండో వాక్యం ఇలా తేలుతుంది: ఆమె ఆమెకు చెప్పింది, ఆమె మందు ఆపింది, ఎందుకంటే అవి ఆమెకు తల తిప్పాయి. నాలుగు ‘ఆమె’లు, ఒక ‘అవి’. ఇక మూడో వాక్యంలో కర్తే లేదు: ఫలితాలు చూసిన తర్వాత, మోతాదు తగ్గించు.

వ్యాకరణం ప్రకారం ఆ చైనీస్‌లో తప్పేమీ లేదు. అక్షరదోషాలు లేవు, వాక్యం సాఫీగానే నడుస్తుంది. పైపైన చూసే ప్రూఫ్‌రీడర్ దాన్ని అలాగే దాటవేస్తాడు. రోగి తాలూకు చైనీస్ పాఠకుడు మాత్రం మోతాదును కూతురే తగ్గించిందని అనుకునే ప్రమాదం ఉంది. ఎందుకో తెలియాలంటే ఆ భాష కర్తను ఎలా మోసుకెళ్తుందో చూడాలి.

కర్తను వదిలేయడం తెలుగువాళ్ళకు కొత్త కాదు. ‘వచ్చాడు’ అంటే చాలు, వచ్చినవాడు మగవాడని, ఒక్కడేనని క్రియే చెబుతుంది. ‘వచ్చాను’, ‘వచ్చారు’ కూడా అంతే. చైనీస్ క్రియకు అలాంటి తోకలు లేవు. నేను వచ్చినా, నువ్వు వచ్చినా, వాళ్ళు వచ్చినా క్రియ ఒకటే. అయినా ఆ భాష కర్తను ధారాళంగా వదిలేస్తుంది. ఎవరి గురించి మాట ఎత్తుకున్నారో ఆ మనిషిని ఒకసారి చెప్పి, కామాల మీద కామాలు పెడుతూ మూడు నాలుగు పనులు వరసగా చెప్పేస్తారు. కర్త మారనంతవరకు పేరు మళ్ళీ రాయక్కర్లేదు. పాఠకుడు ఆ ఖాళీని వెనకటి కర్తతో నింపుకుంటాడు. భాషాశాస్త్రవేత్త జేమ్స్ హువాంగ్ ఈ ఖాళీ సర్వనామాల మీద 1984లో రాసిన వ్యాసం ఇప్పటికీ చదువుతారు. పాఠకుడి చేత ఎక్కువ పని చేయించే ఇలాంటి భాషలను ‘చల్లని’ భాషలనడం అప్పటికే ఉంది.

మన ఉత్తరంలో జరిగింది ఇదే. ఇంగ్లిష్‌లో కర్మణి వాక్యం రాసి, ఎవరు చేశారో చెప్పకుండా తప్పించుకోవచ్చు. యంత్రం దాన్ని చైనీస్‌లో కర్తలేని మామూలు వాక్యంగా మార్చింది. చైనీస్ పాఠకుడికి ఖాళీ కనబడింది, అతను అలవాటు ప్రకారం వెనక్కి చూశాడు, అక్కడ కూతురు ఉంది. డాక్టరు లేదా ఆసుపత్రి అన్న మాట ఆ వాక్యంలో లేదు కాబట్టి వేరే దారి దొరకలేదు.

సర్వనామాల గొడవ దీనికి తిరగేసినది. మాటల్లో అతను, ఆమె, అది అన్నిటికీ ఒకటే పలుకు, ‘తా’. రాతలోనే తేడా. ‘ఆమె’కు స్త్రీ గుర్తున్న అక్షరం ఎప్పటినుంచో ఉన్నది కాదు. 1920లో కవి, భాషావేత్త లియూ బాన్‌నోంగ్ దాని కోసం వాదించాక వాడుకలో స్థిరపడింది. ఇంగ్లిష్ ప్రతి వాక్యఖండానికీ కర్త అడుగుతుంది కాబట్టి యంత్రం అక్కడున్న ‘షీ’, ‘ఇట్’ లన్నిటినీ అచ్చంగా దింపేస్తుంది. అలా ఒకవైపు అవసరమైన చోట కర్త ఉండదు, మరోవైపు అక్కర్లేని చోట సర్వనామాలు గుంపు కడతాయి. చైనీస్ రచయిత మందుల్ని ‘అవి’ అని పిలవడు. వస్తువులకు బహువచన సర్వనామం అరుదు, ఎక్కువసార్లు వదిలేస్తాడు, లేకపోతే ‘మందు’ అనే మాటనే మళ్ళీ రాస్తాడు.

పనిలో అనుభవమున్నవాళ్ళు మూలాన్ని ముందు తెరవరు. చైనీస్‌ను మాత్రమే చదువుతూ ప్రతి క్రియ దగ్గర ఆగి ‘ఎవరు?’ అని అడుగుతారు, దొరికిన జవాబును పక్కన రాసుకుంటారు. ఆ తర్వాతే ఇంగ్లిష్‌తో పోలుస్తారు. క్రమం తిరగేస్తే పని చెడుతుంది. మూలం ముందు చదివినవాడి మనసులో జవాబు అప్పటికే ఉంటుంది, కళ్ళు ఖాళీని చూడవు. ఆ పిమ్మట ఫైల్లో వెతికే పెట్టెలో 他, 她, 它, 其 అనే నాలుగు అక్షరాలను ఒక్కొక్కటిగా టైపు చేసి, తగిలిన ప్రతి చోటా అది ఎవరిని సూచిస్తోందో, దానికి దగ్గరలో అదే లింగపు పేరు ఇంకోటి ఉందా అని చూస్తారు. చివరి అక్షరం ‘ఛీ’, అంటే ‘దాని, అతని, ఆమె, వారి’. అన్నీ అదే. లింగం గాని సంఖ్య గాని చూపదు. యంత్రాల మాన్యువళ్ళలో మోసం చేసేది ముఖ్యంగా ఇదే. పంపును ట్యాంకుకు బిగించి ‘దాన్ని’ ఖాళీ చేయమంటే ఏది ఖాళీ చేయాలి? అలాంటి చోట పేరునే మళ్ళీ రాయడం చైనీస్‌లో లోపం కాదు, మంచి అలవాటు.

పేరు ఎక్కడ రాయాలి, ఎక్కడ వదలాలి అన్నదానికి ఒక మోటు సూత్రం ఉంది. వరసగా కామాలతో సాగుతూ కర్త మారకపోతే వదిలేయాలి. కర్త మారిన చోట తప్పక పేరు రావాలి. పేరా మారితే పేరు మళ్ళీ చెప్పడం సురక్షితం. ‘జిజీ’, అంటే ‘తాను, తన’, దగ్గర మరీ జాగ్రత్త. చైనీస్‌లో అది పక్కనున్న కర్తనే కాక, దూరంగా బయటి వాక్యంలో ఉన్న కర్తను కూడా పట్టుకోగలదు.

ఈ లెక్కన ఉత్తరాన్ని సరిదిద్దితే: చెన్ గారి కూతురు సోమవారం డాక్టర్ లిన్‌కి ఫోన్ చేసి, మందు వేసుకుంటే తల్లికి తల తిరుగుతోందని, ఆపేశారని చెప్పింది, డాక్టర్ లిన్ ఫలితాలు చూసి మోతాదు తగ్గించారు. చైనీస్‌లో ఇందులో ఒక్క సర్వనామం కూడా అక్కర్లేదు. చదవడానికి బాగుంది, కానీ ఇందులో రెండు ఊహలు దూరాయి. మందు ఆపింది తల్లా, లేక కూతురే రోగా? ఇంగ్లిష్ అదీ చెప్పలేదు. తగ్గించింది డాక్టర్ లిన్ అనీ చెప్పలేదు. అనువాదం అందంగా తయారైందన్న సంతోషంలో పడి ఈ రెంటినీ స్థిరపరిచేస్తే యంత్రం చేసిన తప్పుకు బదులు మన తప్పు రాసినట్టే. ఉత్తరం రాసిన ఆసుపత్రికి ప్రశ్న పంపాలి: ‘రెండో వాక్యంలో మందు ఆపినవారెవరు, రోగా, కూతురా? మూడో వాక్యంలో మోతాదు తగ్గించినవారెవరు?’ జవాబు వచ్చేలోగా పని ఆపకూడదనుకుంటే చివరి వాక్యానికి చైనీస్‌లో ‘యువాన్‌ఫాంగ్’ అనే కర్తను పెట్టవచ్చు, అంటే ఆసుపత్రి వారు. ఏ డాక్టరో చెప్పకపోయినా, కూతురు కాదని తేలుతుంది. మందు ఆపినదెవరన్న ప్రశ్నకు మాత్రం ఇలాంటి దాపు లేదు.

మూలం తెలుగైతే చిక్కు మరో రకం. చాలా వ్యవస్థలు తెలుగును ముందు ఇంగ్లిష్‌లోకి, తర్వాత చైనీస్‌లోకి మారుస్తాయి. ‘డాక్టరుగారు వచ్చారు’ అన్నప్పుడు ఆడో మగో మనం చెప్పలేదు. మధ్యలో ఇంగ్లిష్ ‘హీ’ అని ఎన్నుకుంటే చైనీస్ ఉత్తరంలో డాక్టరు మగవాడైపోతాడు. ‘వచ్చింది’ అమ్మాయో ఆటోనో కూడా అక్కడే తేలిపోతుంది. ‘రేపు వస్తానంది’లోని ‘నేను’ ఒక్కోసారి మాట్లాడినావిడను వదిలి ఉత్తరం రాసినాయనకు అంటుకుంటుంది. ఇలాంటివి చైనీస్ పాఠాన్ని ఎంత చదివినా బయటపడవు, అందులో అవి పూర్తిగా సహజంగా ఉంటాయి. తెలుగు మూలాన్ని చదవగలిగినవాడు ఒకడు ఉండాలి.

యంత్రానువాదాన్ని మనుషులు పూర్తిస్థాయిలో సరిదిద్దే పనికి ఐఎస్‌ఓ 18587 అనే ప్రమాణం 2017లో వచ్చింది. మనిషి చేసిన అనువాదంతో సమానంగా ఉండాలన్నది దాని గురి. మార్కెట్లో చాలా పని మాత్రం ‘తేలికపాటి’ సవరణ కింద, తక్కువ ధరకు వస్తుంది. అక్కడ వాక్యం చదవడానికి వీలుగా ఉంటే చాలంటారు. పైగా సాఫ్ట్‌వేర్ ఫైలును వాక్యాలుగా ముక్కలు చేసి, ఒక్కో గడిలో ఒక్కటే చూపిస్తుంది. ‘మోతాదు తగ్గించు’ అన్న గడిని ఒంటరిగా చూసినవాడికి కూతురి సంగతే తెలియదు. అందుకని ఆ పని తీసుకున్నవాళ్ళు చివర్లో గడులన్నీ మూసి, ఉత్తరాన్ని రోగి చూసే రూపంలోనే తెరిచి ఒకసారి చదువుతారు. దానికయ్యే సమయానికి ఎవరూ విడిగా డబ్బివ్వరు, అందుకే ధర మాట్లాడుకునే రోజునే ఆ చదువును లెక్కలో కలిపి చెబుతారు.