ఈఆర్‌పీ అమలులో మార్పు అభ్యర్థనలు: బర్మింగ్‌హామ్ అనుభవం

ఈఆర్‌పీ అమలులో పథకం పరిధి ఒక్కసారిగా పెరగదు. విడివిడిగా అంగీకరించిన చిన్న మార్పులతో పెరుగుతుంది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగర పాలక మండలి చేపట్టిన ఒరాకిల్ అమలు ఇందుకు నిదర్శనం. ప్రామాణిక సాఫ్ట్‌వేర్‌ను ఉన్నదున్నట్లు స్వీకరించి, పని విధానాలనే దానికి అనుగుణంగా మార్చుకోవాలన్నది అక్కడి తొలి నిర్ణయం. క్రమంగా పాత పద్ధతుల కోసం సాఫ్ట్‌వేర్‌నే మార్చారు. అలా మార్చిన వాటిలో బ్యాంకు జమలను పద్దులతో సరిపోల్చే విభాగం ముఖ్యమైనది. 2022 ఏప్రిల్‌లో వ్యవస్థ ప్రారంభమయ్యాక అది సరిగా పనిచేయలేదు. ఆ పనిని సిబ్బంది స్వయంగా చేయవలసి వచ్చింది. సుమారు 2 కోట్ల పౌండ్ల తొలి అంచనా వ్యయం 10 కోట్లు దాటింది.

అభ్యర్థన రావడం దోషం కాదు. పూర్తి వెల తెలియకుండా అంగీకరించడమే దోషం. కోడ్ రాయడానికి 5 రోజులు చాలే మార్పుకైనా అనుసంధాన పరీక్షలు, శిక్షణ, ప్రతి నవీకరణలో పునఃపరీక్ష తోడవుతాయి. కనుక నిర్ణాయక సంఘం మొదట అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ మార్పును చట్టం కోరుతున్నదా, అలవాటు కోరుతున్నదా? చట్టం కోరినదాన్ని అంగీకరించి, అంతే భారమున్న మరో అంశాన్ని వాయిదా వేయాలి. లేదా ముందే కేటాయించిన ఆకస్మిక నిధి నుంచి ఖర్చు చేయాలి. అలవాటు కోరినదానికి పని విధానాన్ని సవరించాలి, లేదా ప్రారంభానంతరం పునఃపరిశీలించాలి.

తిరస్కరణకైనా కారణాన్ని గడువులోగా లిఖితపూర్వకంగా తెలపాలి. జవాబు రాని వినియోగదారులు సొంత ఎక్సెల్ పట్టికలను ఆశ్రయిస్తారు. నమ్మకం సడలిందనడానికి అదే తొలి సూచన.