ఒంటిగంటకు టేబుల్ ఉందా?

ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదినీ కారెక్కించుకుని బయల్దేరిన మనిషి రెస్టారెంటు వెబ్‌సైట్ తెరిచేది ఓనరుగారి జీవితచరిత్ర చదవడానికి కాదు. ఇప్పుడు తెరిచే ఉందా, ఏం దొరుకుతుంది, ఎంతవుతుంది, వెళ్తే కూర్చోడానికి చోటుంటుందా? ఈ నాలుగూ ఫోన్ తెర మీద మొదటి చూపులోనే తెలియాలి. చాలా సైట్లలో ఆ జాగాని దోసె మీద వెన్న కరిగే వీడియో ఆక్రమించేస్తుంది.

విజయవాడలో ఓ మధ్యతరహా రెస్టారెంటు ఉందనుకుందాం. సోమవారం సెలవు. మిగతా రోజుల్లో మధ్యాహ్నం 12 నుంచి 3.30 దాకా, మళ్లీ రాత్రి 7 నుంచి 11 దాకా. వేళల్ని ‘12 నుంచి 11 వరకు’ అని ఒకే ముక్కలో పెట్టేస్తే సాయంత్రం ఐదింటికి వచ్చినవాళ్లు దించిన షట్టర్‌ని చూసి వెళ్లిపోతారు. రెండు పూటలూ విడివిడిగా చెప్పాలి, మనుషులకే కాదు, సెర్చ్ ఇంజన్‌కి కూడా. అందుకోసం పేజీ లోపల, పైకి కనిపించకుండా, schema.org పద్ధతిలో వేళలు రాసిపెడతారు. మధ్యాహ్నం పూటది ఇలా ఉంటుంది:

```json
{
  "@type": "OpeningHoursSpecification",
  "dayOfWeek": ["Tuesday", "Wednesday", "Thursday",
                "Friday", "Saturday", "Sunday"],
  "opens": "12:00",
  "closes": "15:30"
}
```

రాత్రి పూటకి ఇలాంటిదే ఇంకొకటి.

‘ఇప్పుడు తెరిచి ఉంది’ అని పచ్చరంగులో చూపించే బోర్డు పెట్టుకుంటే మరో తమాషా జరుగుతుంది. సర్వర్లలో గడియారం తరచూ అంతర్జాతీయ ప్రమాణ సమయంలో నడుస్తుంది, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనక. మనకి పన్నెండున్నర అయి హాలు కిటకిటలాడుతుంటే దానికి ఉదయం ఏడే, కాబట్టి ‘మూసి ఉంది’ అంటుంది. సాయంత్రం ఐదున్నరకి వంటవాళ్లు కునుకు తీస్తుంటే ‘తెరిచి ఉంది, రండి’ అని పిలుస్తుంది. తేడా సరిగ్గా ఐదున్నర గంటలుంటే రోగం ఇదేనని తెలుసుకోవచ్చు. ప్రోగ్రామ్‌లో `Asia/Kolkata` అని రాస్తే కుదురుతుంది.

మెనూ కార్డుని ఫొటో తీసి అతికించేయడం అందరికీ తేలికైన దారి. కానీ ఫోన్‌లో దాన్ని వేళ్లతో సాగదీసి చదవాలి, ఒక్క ధర మారినా మళ్లీ ఫొటో తీయాలి. పైగా ఎవరైనా `ulavacharu biryani` అని వెతికితే బొమ్మలోని అక్షరాలు సెర్చ్‌కి చిక్కుతాయన్న నమ్మకం లేదు. పదార్థం పేరు, అందులో ఏముందో ఒక వాక్యం, ధర, మూడూ అక్షరాల్లోనే టైపు చేసి పెట్టాలి.

ఇక టేబుల్ బుకింగ్. పేరు, నంబరు, తేదీ, సమయం అడిగే ఫారం ఒక్క పూటలో తయారవుతుంది. దాని వెనకుండే లెక్క దగ్గరే అసలు పని. మన రెస్టారెంటులో ఓ కుటుంబం తిని లేవడానికి గంటంపావు, టేబుల్ తుడిచి సర్దడానికి పావుగంట, వెరసి గంటన్నర పడుతుందనుకోండి. 12కి కూర్చున్నవాళ్లు లేచాక 1.30కి ఇంకో కుటుంబం కూర్చుని, 2.45కల్లా లేస్తుంది. అంటే మధ్యాహ్నం పూట ఒక్కో టేబుల్‌కి రెండు బంతులు. అదే టేబుల్‌ని ఎవరో ఒంటిగంటకి బుక్ చేసుకుంటే? ముందు మిగిలింది గంట, తర్వాత 2.30 నుంచి మళ్లీ గంట. రెండు వైపులా ఒక కుటుంబం నిదానంగా తినడానికి చాలదు. రెండు బంతుల టేబుల్ ఒక్క బంతికి పడిపోయింది. ఆదివారం అందరూ అడిగేదేమో ఆ ఒంటిగంటే!

అందుకే ఫారంలో సమయాన్ని కస్టమర్ ఇష్టానికి వదలకుండా 12, 1.30 అని రెండే ఎంపికలిస్తారు. సగం టేబుళ్లనే బుకింగ్‌కి పెట్టి, మిగతావి నేరుగా వచ్చేవాళ్లకి ఉంచుతారు. ఈ సగం అన్నది నా అంచనా. ఊరిని బట్టి, వారాన్ని బట్టి మారుతుంది. ఆఖరి టేబుల్ కోసం ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కొచ్చు కనుక, ఖాళీ ఉందో లేదో పేజీ తెరిచినప్పుడే కాకుండా నొక్కిన క్షణంలో కూడా చూసుకోవాలి. మేనేజరు చూసి ఒప్పుకున్నాకే టేబుల్ ఇచ్చే పద్ధతైతే ‘మీ అభ్యర్థన అందింది, ఫోన్ చేస్తాం’ అనే రావాలి. అక్కడ ‘బుక్ అయింది’ అని రాస్తే కౌంటర్ దగ్గర గొడవకి ముహూర్తం పెట్టినట్టే. ‘పావుగంట దాటితే టేబుల్ వేరేవాళ్లకి ఇస్తాం’ అన్న మాట కూడా ఆ బటన్ పక్కనే ఉండాలి.

స్విగ్గీ, జొమాటో లింకులు పెట్టడం క్షణాల పని, కానీ వాటి స్థానం పేజీలో కాస్త కిందే. యాప్ ద్వారా వచ్చే ఆర్డరులో కొంత కమిషన్‌గా పోతుంది కనుక, పార్సిల్ కోసం సొంత ఫోన్ నంబరు, దాని కింద యాప్‌ల బటన్లు పెట్టుకోవడం నయం. లింకు యాప్ ముంగిట కాకుండా నేరుగా మన రెస్టారెంటు పేజీలోకే తీసుకెళ్లాలి. రెండు బ్రాంచీలుంటే ఏ బ్రాంచి లింకు దానికే. యాప్‌లో ధరలు వేరుగా ఉంటే ఆ సంగతి ఒక వాక్యంలో చెప్పేయాలి. అన్నీ అయ్యాక ఆ యాప్‌లు లేని ఫోన్‌లో ఒకసారి నొక్కి చూడాలి. ఓనరు ఫోన్‌లో చక్కగా తెరుచుకున్న లింకు అక్కడ ఖాళీ పేజీ చూపించిందంటే, లింకుని మళ్లీ కాపీ చేసుకురావాల్సిందే.