కొత్త పచ్చడికి ప్రకటనల లక్ష

గుంటూరు నుంచి గోంగూర, ఆవకాయ సీసాలు రెండూ కలిపి 600 రూపాయలకు ఆన్‌లైన్‌లో అమ్మాలని ఒక కుటుంబం బయలుదేరిందనుకుందాం. వెబ్‌సైట్ సిద్ధమైంది, ప్రకటనలకు నెలకు లక్ష పక్కన పెట్టారు. బ్రాండు పేరు మాత్రం చుట్టాలకు తప్ప ఎవరికీ తెలియదు. ఇలాంటివాళ్లు సాధారణంగా మొత్తం లక్షా 'ఇప్పుడే కొనండి' ప్రకటనలకే పోస్తారు. కావలసింది ఆర్డర్లే గనుక అది సహజమే.

ప్రకటనల రంగంలో పనిని మూడు మెట్లుగా చూస్తారు. పేరు చెవిన వేయడం అవేర్‌నెస్, ఆసక్తి పుట్టించి సైటు దాకా రప్పించడం కన్సిడరేషన్, కొనిపించడం కన్వర్షన్. ఏ మెట్టుకు ఎంత అన్నదానికి చాలామంది 60:40 లెక్క చెబుతారు. బ్రిటన్‌కు చెందిన లెస్ బినే, పీటర్ ఫీల్డ్ 2013లో ప్రచురించిన అధ్యయనం నుంచి వచ్చిందది: బ్రాండు పేరు పెంచడానికి 60 శాతం, తక్షణ అమ్మకాలకు 40. అయితే వాళ్లు పరిశీలించినవి అవార్డు పోటీలకు వచ్చిన ప్రచారాలు, అందులో పేరున్న బ్రాండ్లే ఎక్కువ. అది సగటు లెక్కే. నిన్న మొదలైన పచ్చళ్ల దుకాణానికి యథాతథంగా అతికేది కాదు.

ముందు ఒక మినహాయింపు. బ్రాండు తెలియకపోయినా సరుకు కోసం వెతికేవాళ్లు ఉంటారు. గూగుల్‌లో 'గోంగూర పచ్చడి ఆన్‌లైన్' అని కొట్టే మనిషికి ఆకలి ముందే ఉంది, అతనికి పరిచయాలు అక్కర్లేదు. మొదటి రూపాయి ఆ సెర్చ్ ప్రకటనకు పోవాలి. కాకపోతే అలా వెతికేవాళ్లు పరిమితం, పది రూపాయలు పెట్టినా వంద పెట్టినా ఆ సంఖ్య పెరగదు.

మిగతా డబ్బు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లకు వెళుతుందనుకుందాం. లక్షలో 18 శాతం జీఎస్‌టీ పోగా చేతికి మిగిలేది సుమారు 84,700. సెర్చ్‌కు 700 మాత్రమే పోయిందనుకుని, 84,000తో లెక్క వేద్దాం. కింది రేట్లు నమూనా కోసమే, అసలు రేట్లు ఎవరి ఖాతాలో వాళ్లవి. పచ్చడి కలుపుతున్న చిన్న వీడియోకు 42,000 పెడితే, వెయ్యి ప్రదర్శనలకు 60 రూపాయల చొప్పున 7 లక్షల ప్రదర్శనలు. ఒక్కొక్కరు మూడుసార్లు చూస్తే 2.3 లక్షల మంది. పదిలో ఒకరు సగం దాకా చూస్తే 23,000 మంది. వీళ్లకు 30,000తో సైటు లింకు చూపిస్తే, క్లిక్కుకు పది రూపాయల లెక్కన 3,000 మంది లోపలికొస్తారు.

అసలు కిటుకు ఇక్కడే. కొనిపించే ప్రకటన చూపించాల్సింది ఈ 3,000 మందికి. వెయ్యి ప్రదర్శనలకు 200 అనుకుంటే, మిగిలిన 12,000తో ఒక్కొక్కరికి నెలలో 20 సార్లు కనిపిస్తుంది. ఇదే ఎక్కువనిపించే స్థాయి. అదే 60,000 పోస్తే వంద సార్లు! జనం విసుగెత్తి ప్రకటనను దాచేస్తారు, రేటు పెరుగుతుంది, ఆర్డర్లు మాత్రం పెరగవు. యాడ్స్ మేనేజర్‌లో Frequency గడి పైకి ఎగబాకుతూ, ఆర్డర్లు కదలకుండా ఉంటే జబ్బు అదే. కొత్త బ్రాండుకు కన్వర్షన్ వాటాను శాతాలతో కాక, అప్పటికి పోగైన జనంతో లెక్కగట్టాలి.

ఆ 3,000లో నూటికి ముగ్గురు కొంటే 90 ఆర్డర్లు. డ్యాష్‌బోర్డు ఆర్డరుకు 133 రూపాయలని మురిపిస్తుంది. నిజానికి మొత్తం 84,000ను 90తో భాగిస్తే ఒక్కో ఆర్డరు 933 పడింది. 133 చూసి మురిసిపోయి వీడియో ఖర్చు ఆపేస్తే, మరుసటి నెల లోపలికొచ్చే కొత్తవాళ్లే ఉండరు. కనక ఎప్పుడూ మొత్తం ఖర్చు మీదే చూసుకోవాలి. సీసాల జత మీద 250 మిగిలే వ్యాపారంలో 933 నష్టమే. కొన్నవాళ్లలో చాలామంది నాలుగుసార్లు తిరిగి రాకపోతే ఈ పద్ధతి నిలవదు, అప్పుడు చూడాల్సింది ధర, సరుకు.

ఇంకో చిక్కు. మెటా వ్యవస్థ కుదురుకోవడానికి ఒక్కో యాడ్ సెట్‌కు వారానికి సుమారు 50 ఫలితాలు అడుగుతుంది. నెలకు 90 ఆర్డర్లంటే వారానికి ఇరవై చిల్లరే, తెరమీద Learning limited అని కనిపిస్తుంది. అందుకే మొదట్లో కొనుగోలు బదులు 'కార్ట్‌లో వేయడం' లక్ష్యంగా పెడతారు. ఆర్డర్లు పెరిగాక మారుస్తారు. ఊళ్లన్నీ చుట్టేయకుండా మొదటి నెల ఒక్క హైదరాబాద్‌కే పరిమితమైతే, అంతే డబ్బుతో అదే మనిషికి పేరు మళ్లీ మళ్లీ వినిపించవచ్చు.

రెండో నెల సైటు చూసినవాళ్లు 6,000 అయితే కన్వర్షన్‌కు 24,000 దాకా పెట్టొచ్చు, ఆ మేరకు వీడియోకు తగ్గించవచ్చు. అప్పటికే కొన్నవాళ్లను ఆ జాబితా నుంచి తీసేయాలి. వాళ్లకు మళ్లీ అమ్మడానికి ఒక వాట్సాప్ సందేశం సరిపోతుంది.